ఏడు వేల దగ్గరే ఆగిపోతున్న బోనస్

6,997 రూపాయలు. దసరా, దీపావళి దగ్గరపడ్డాక పారిశ్రామికవాడల్లో పనిచేసే వేలమంది బ్యాంకు ఖాతాల్లో పడే సొమ్ము ఇది. కొన్ని కంపెనీలు చిల్లర సరిచేసి 7,000 ఇస్తాయి. నెలకు పన్నెండు వేలు తెచ్చుకునే హెల్పర్‌కూ అంతే, పద్దెనిమిది వేలు తెచ్చుకునే మెషీన్ ఆపరేటర్‌కూ అంతే. ఇద్దరి జీతాలూ వేరైనప్పుడు బోనస్ ఒక్కటే ఎలా అయిందని అడిగేవాళ్లు తక్కువ. పండగ పూట యజమాని ఇచ్చిందే పదివేలు అనుకుని ఊరుకుంటారు.

ఆ అంకె వెనకాల ఒక లెక్క ఉంది. జీతం ఎంతున్నా నెలకు 7,000 అనుకుని, దాన్ని పన్నెండు నెలలకు లెక్కగడితే 84,000. అందులో 8.33 శాతం 6,997 రూపాయల 20 పైసలు. బోనస్ చెల్లింపు చట్టంలో 7,000 అన్న అంకె నిజంగానే ఉంది. అయితే ఆ అంకె పక్కనే మరో మాట కూడా ఉంది: ఏడు వేలు గానీ, ఆ పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం గానీ, ఏది ఎక్కువైతే దాని మీద లెక్కగట్టాలి. ఈ రెండో సగాన్ని పట్టించుకోకపోవడం వల్లే తక్కువ జీతగాళ్లు ఏటా వేల రూపాయలు పోగొట్టుకుంటున్నారు.

బోనస్ అంటే దసరా మామూలు లాంటిదేనన్న భావన నిన్నమొన్న పుట్టింది కాదు. మొదట్లో అది నిజంగా యజమానుల ఇష్టమే. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో బట్టల మిల్లులు విపరీతంగా లాభాలు గడించినప్పుడు బొంబాయి, అహ్మదాబాద్ కార్మికులకు జీతంపైన కొంత అదనంగా ఇచ్చాయి. అహ్మదాబాద్‌లో ప్లేగుకు భయపడి కార్మికులు ఊరు విడిచిపోకుండా ‘ప్లేగు బోనస్’ ఇచ్చారు. ప్లేగు తగ్గాక దాన్ని ఎత్తేశారు. దాంతో 1918లో సమ్మె జరిగింది, గాంధీజీ కార్మికుల పక్షాన నిరాహార దీక్ష చేశారు. 1924లో బొంబాయి మిల్లులు బోనస్ ఆపేస్తే పెద్ద సమ్మె వచ్చింది. దాన్ని విచారించిన కమిటీ మాత్రం బోనస్ కోసం కోర్టుకెక్కే హక్కు కార్మికులకు లేదని తేల్చింది. స్వాతంత్ర్యం వచ్చాక 1961లో ఎం.ఆర్. మెహర్ అధ్యక్షతన బోనస్ కమిషన్ ఏర్పడింది. దాని సిఫారసుల ఆధారంగా 1965లో చట్టం వచ్చింది. నష్టం వచ్చిన ఏడాది కూడా కనీస బోనస్ ఇవ్వాలన్న నిబంధనను యజమానులు సవాలు చేస్తే, 1966లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మొదట్లో కనీసం 4 శాతంగా ఉన్న బోనస్ 1972లో 8.33 అయింది. ఎమర్జెన్సీ కాలంలో దాన్ని మళ్లీ 4కు కోసేశారు. 1977లో తిరిగి 8.33కు తెచ్చారు. అంటే ఏడాది జీతంలో పన్నెండో వంతు, సరిగ్గా ఒక నెల జీతం.

ఇంత పోరాటం తర్వాత వచ్చిన డబ్బును ఇప్పటికీ కానుక అనడం సరికాదు. అది చేసిన పనికి రావాల్సిన బాకీ.

ఎవరికి వస్తుందన్నది మొదటి ప్రశ్న. 2015లో సవరించిన చట్టం ప్రకారం నెల జీతం 21,000 రూపాయలు దాటని ఉద్యోగులు అర్హులు. ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. 21,000 అంటే చేతికొచ్చే మొత్తం కాదు, ఆఫర్ లెటర్‌లో రాసే సీటీసీ అంతకన్నా కాదు. మూల వేతనం, కరువు భత్యం మాత్రమే. ఇంటద్దె భత్యం, ఓవర్‌టైమ్, కమీషన్, ప్రయాణ రాయితీ, పీఎఫ్‌లో కంపెనీ వాటా ఇందులోకి రావు. కాబట్టి జీతం స్లిప్పులో మొత్తం 27,000 కనిపిస్తున్నా, మూల వేతనమూ కరువు భత్యమూ కలిపి 20,000 అయితే ఆ ఉద్యోగి పాత చట్టం కింద అర్హుడే. ‘నీ జీతం పాతిక దాటింది, బోనస్ రాదు’ అని ఆఫీసులో చెబితే, పాతిక దేన్ని కలుపుకుని అయిందో ముందు చూసుకోవాలి.

రెండో షరతు, ఆ లెక్కల సంవత్సరంలో కనీసం 30 పనిదినాలు పనిచేసి ఉండాలి. అంతే. ఏడాదంతా ఉండాలన్న నియమం లేదు, బోనస్ ఇచ్చే రోజున ఉద్యోగంలో ఉండాలన్న నియమం అసలే లేదు. ఈ రెండో విషయం తెలియక పోగొట్టుకునేవాళ్లు లెక్కలేనంతమంది. ఆగస్టులో రాజీనామా చేసి వేరే కంపెనీలో చేరిన కుర్రాడు నవంబరులో ఫోన్ చేసి అడిగితే, ‘నువ్వు మా రోల్స్‌లో లేవు కదా’ అన్న జవాబు వస్తుంది. అతను మార్చి వరకు ఏడాదంతా పనిచేశాడు, ఆ ఏడాది బోనస్ అతనిదే. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు చేసిన పనికి తర్వాతి ఏడాది బోనస్‌లోనూ వాటా ఉంటుంది. రాజీనామాతో అది పోదు. మోసం, పని ఆవరణలో అల్లరి లేదా హింస, కంపెనీ ఆస్తిని దొంగిలించడం లేదా పాడుచేయడం వంటి కారణాలతో ఉద్యోగం నుంచి తొలగిస్తేనే బోనస్ పోతుంది. కొత్త కోడ్ ఈ జాబితాకు లైంగిక వేధింపుల కేసులో శిక్ష పడటాన్ని కూడా చేర్చింది.

ప్రొబేషన్‌లో ఉన్నారనో, టెంపరరీ అనో, క్యాజువల్ అనో బోనస్ ఎగ్గొట్టడం కుదరదు. అప్రెంటిస్‌లకు మాత్రం ఈ చట్టం వర్తించదు. అందుకే కొన్నిచోట్ల మామూలు కార్మికుడికే ‘ట్రైనీ’ అని పేరు పెడతారు. అప్రెంటిస్‌షిప్ ఒప్పందం ఏదీ లేకుండా షిఫ్టు పని చేయిస్తున్నప్పుడు ఆ పేరుకు విలువ లేదు.

కంపెనీ వైపు షరతు, 20 మంది లేదా అంతకుమించి పనివాళ్లుండాలి. లెక్కల సంవత్సరంలో ఏ ఒక్క రోజు అంతమంది ఉన్నా చాలు. ప్రైవేటు రంగంలో కూడా కొన్ని సంస్థలను చట్టం మినహాయించింది. వాటిలో మన రాష్ట్రాలకు బాగా సంబంధించినవి విద్యాసంస్థలు. వీధివీధినా ఉన్న ప్రైవేటు స్కూళ్లు, కాలేజీల్లో పనిచేసే ఆయాలకు, బస్సు డ్రైవర్లకు, గుమాస్తాలకు ఈ చట్టం కింద బోనస్ రాదు. ఇది ఎంతమాత్రం న్యాయం కాదు, కానీ చట్టం ఇప్పటికి అలాగే ఉంది. ఆసుపత్రుల సంగతి వేరు. లాభాపేక్ష లేకుండా స్థాపించిన వాటికే మినహాయింపు. కార్పొరేట్ ఆసుపత్రిలో వార్డుబాయ్‌కీ, నర్సుకూ జీతం హద్దు లోపల ఉంటే బోనస్ రావాల్సిందే. భవన నిర్మాణంలో కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లకు ఒకప్పుడు బోనస్ లేదు. 2007 సవరణతో ఆ మినహాయింపు పోయింది. ఈ సంగతి నేటికీ చాలా సైట్లలో మేస్త్రీలకూ తెలియదు, కూలీలకూ తెలియదు.

ఇక లెక్క. హైదరాబాద్ శివార్లలో ఒక ప్లాస్టిక్ కంపెనీ, అందులో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే ఒకావిడ ఉన్నారనుకుందాం. ఆమె స్లిప్పులో మూల వేతనమూ కరువు భత్యమూ కలిపి 13,500, ఇంటద్దె భత్యం 2,500, రవాణా భత్యం 1,000, మొత్తం 17,000 ఉంది. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు ఏడాదంతా పనిచేశారు. ఆమె చేసే పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం నెలకు 13,000 అనుకుందాం.

మొదట అర్హత చూడాలి. 13,500 అంటే 21,000 లోపే, కాబట్టి అర్హురాలు. తర్వాత ఏ మొత్తం మీద లెక్కగట్టాలో తేల్చాలి. ఆమె జీతం 13,500, చట్టం చెప్పే హద్దు 7,000, 13,000లలో పెద్దది, అంటే 13,000. జీతం ఆ హద్దును దాటింది కాబట్టి ఆమెకు నెలకు 13,000 ఇస్తున్నట్టుగానే లెక్క కడతారు. పన్నెండు నెలలకు 1,56,000. అందులో 8.33 శాతం 12,994 రూపాయల 80 పైసలు. కంపెనీ ఏడు వేల లెక్క పట్టుకుంటే వచ్చేది 6,997 రూపాయల 20 పైసలు. తేడా 5,997 రూపాయల 60 పైసలు. అలాంటి వాళ్లు వందమంది ఉన్న కంపెనీ ఒక్క పండగకు దాదాపు ఆరు లక్షలు మిగుల్చుకుంటుంది.

ఆమె జీతం 13,500 కాకుండా 12,000 ఉంటే? అప్పుడు హద్దు కన్నా తక్కువే కాబట్టి అసలు జీతం మీదే, అంటే 1,44,000 మీద లెక్క. 11,995 వస్తుంది. అయితే ఆ పనికి కనీస వేతనమే 13,000 అయినప్పుడు ఆమెకు 12,000 ఎందుకు ఇస్తున్నారన్న అంతకన్నా పెద్ద ప్రశ్న అక్కడ లేస్తుంది.

కనీస వేతనం ఎక్కడ చూడాలన్నది చాలామందికి తెలియని విషయం. రాష్ట్ర కార్మికశాఖ ఒక్కో పరిశ్రమకు ఒక జీవో ఇస్తుంది. అందులో అన్‌స్కిల్డ్, సెమీ స్కిల్డ్, స్కిల్డ్ అని పని స్థాయిలుంటాయి, కొన్నిచోట్ల ప్రాంతాన్ని బట్టి జోన్లుంటాయి. జీవోలోని మూల వేతనానికి ధరల సూచీని బట్టి మారే కరువు భత్యాన్ని కలపాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ భత్యాన్ని ఏప్రిల్, అక్టోబరు నెలల్లో సవరిస్తారు. కాబట్టి నిజం లెక్కలో ఏడాదికి రెండు హద్దులుంటాయి. మొదటి ఆరు నెలలకు ఒకటి, తర్వాతి ఆరు నెలలకు ఇంకొకటి. పైన ఉదాహరణలో సులువుగా ఉండాలని ఏడాదంతా ఒకే అంకె తీసుకున్నాం.

కార్మికుణ్ని ఏ స్థాయిలో చూపించారన్నది కూడా చూసుకోవాలి. ఐదేళ్లుగా ఇంజెక్షన్ మౌల్డింగ్ మెషీన్ నడుపుతున్న మనిషి రికార్డుల్లో ఇంకా హెల్పర్‌గానే ఉంటే, అతని కనీస వేతనమూ తగ్గుతుంది, దాన్ని పట్టుకుని బోనస్ హద్దూ తగ్గుతుంది.

సెలవుల విషయంలో గొడవలు ఎక్కువ. బోనస్ ‘సంపాదించిన’ జీతం మీద కాబట్టి జీతం కోత పడిన రోజులు లెక్కలోంచి పోతాయి. పై ఉదాహరణలోని ఆవిడే ఏడాదిలో 13 రోజులు జీతం లేని సెలవు పెట్టారనుకుందాం. నెలకు 26 పనిదినాల లెక్కన 13,000లో రోజుకు 500. పదమూడు రోజులకు 6,500 తీసేస్తే 1,49,500 మిగులుతుంది. దాని మీద బోనస్ 12,453 రూపాయలు. తగ్గింది 541 రూపాయలు. కానీ పదమూడు రోజులు రాలేదని సగం బోనస్ కోసేసే కంపెనీలున్నాయి. దానికి ఏ చట్టమూ ఒప్పుకోదు. జీతంతో కూడిన సెలవులు, జీతంతో కూడిన ప్రసూతి సెలవు, పనిలో జరిగిన ప్రమాదం వల్ల రాలేకపోయిన రోజులు, ఒప్పందం ప్రకారం లే ఆఫ్‌లో ఉన్న రోజులు అన్నీ పనిచేసిన రోజుల కిందే లెక్క. మెషీన్‌లో వేలు నలిగి ఇంట్లో ఉన్న నెలను గైర్హాజరుగా రాసి 30 రోజుల అర్హత లేదనడం నేరుగా చట్టాన్ని ఉల్లంఘించడమే.

అక్టోబరులో చేరిన మనిషికి మార్చి వరకు ఆరు నెలల జీతం మీద వస్తుంది. 13,000 హద్దుతో అయితే 78,000లో 8.33 శాతం, 6,497 రూపాయలు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి ఏడాది బోనస్ ఉండదన్నది మేనేజర్లు పుట్టించిన నియమం. చట్టంలో ఉన్నది వేరు. కొత్తగా పెట్టిన సంస్థకు మొదటి ఐదేళ్లు లాభం వచ్చిన ఏడాదికే బోనస్ బాధ్యత ఉంటుంది. ఆ వెసులుబాటు కంపెనీ వయసుకు సంబంధించింది, కార్మికుడి సర్వీసుకు కాదు.

ఇప్పటిదాకా చెప్పింది కనీస బోనస్. కంపెనీ బాగా లాభాలు గడిస్తే 20 శాతం దాకా వెళ్లాలి. ఎంతన్నది యజమాని చెప్పే మాట కాదు, బ్యాలెన్స్ షీటు నుంచి రావాలి. స్థూల లాభంలోంచి తరుగుదల, ప్రత్యక్ష పన్నులు, పెట్టిన పెట్టుబడి మీద చట్టం ఒప్పుకున్న రాబడి తీసేసి మిగిలినదాంట్లో మామూలు కంపెనీలకు 67 శాతాన్ని బోనస్‌కు కేటాయించాలి. ఉదాహరణకు అర్హులైన కార్మికులందరి లెక్కగట్టిన జీతాల మొత్తం ఏడాదికి 60 లక్షలనుకుందాం. కనీస బోనస్ దాదాపు 5 లక్షలు, గరిష్ఠం 12 లక్షలు. కేటాయించాల్సిన మిగులు 9 లక్షలుంటే బోనస్ 15 శాతం అవుతుంది, ప్యాకింగ్ ఆవిడకు 23,400 వస్తాయి. మిగులు 15 లక్షలుంటే 20 శాతం ఇచ్చి, మిగతా 3 లక్షలను ముందుకు జమ చేసి పెట్టాలి. మిగులు 2 లక్షలే ఉంటే కనీస బోనస్ ఎలాగూ ఇచ్చి, తగ్గిన 3 లక్షలను తర్వాతి మంచి ఏడాదుల్లో సర్దుకోవచ్చు. ఇలా ముందుకు తీసుకుపోవడానికి గడువు నాలుగేళ్లు. ఆచరణలో చాలా చిన్న కంపెనీలు ఈ లెక్క జోలికే వెళ్లకుండా ఏటా 8.33 దగ్గర ఆగిపోతాయి. యూనియన్ ఉన్నచోట్ల మాత్రమే ఎవరో ఒకరు బ్యాలెన్స్ షీటు తిరగేసి అడుగుతారు, అక్కడ శాతం పెరుగుతుంది. సింగరేణి కార్మికుల లాభాల వాటా గురించి దసరాకు పేపర్లలో వచ్చే వార్త దీనికి సంబంధించింది కాదు. అది లాభంలో వాటా, దాని దారి వేరు.

బోనస్‌ను సీటీసీలో కలిపేసి నెలనెలా ఇచ్చే పద్ధతి ఇప్పుడు బాగా పెరిగింది. స్లిప్పులో ‘బోనస్’ అని 583 రూపాయలు కనిపిస్తే అది 7,000లో 8.33 శాతమని గుర్తుపట్టవచ్చు. ముందుగా ఇచ్చిన బోనస్‌ను తర్వాత సర్దుబాటు చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. కాబట్టి నెలనెలా ఇవ్వడమే తప్పని చెప్పలేం. కానీ పన్నెండు నెలల్లో ఇచ్చినదంతా కలిపి సరైన హద్దు మీద 8.33 శాతానికి తగ్గకూడదు. పై ఉదాహరణలో నెలకు 1,083 రూపాయలు రావాల్సిన చోట 583 ఇచ్చి, ‘నీ బోనస్ నెలనెలా ఇచ్చేశాం’ అంటే సగం మాత్రమే ఇచ్చినట్టు. ఇంకో మెలిక, మూల వేతనాన్ని తగ్గించి ఐదారు రకాల భత్యాలు పెంచడం. 18,000 జీతంలో మూల వేతనం 6,000 అని చూపిస్తే, బోనస్ ఆ ఆరు వేల మీదే పడుతుంది.

ఈ మెలికకు కొంత అడ్డుకట్ట 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌తో పడింది. 1965 నాటి బోనస్ చట్టం స్థానంలో వచ్చిన కోడ్ ఇది. దీని ప్రకారం మినహాయించే భత్యాలన్నీ కలిసి మొత్తం జీతంలో సగానికి మించితే, ఆ మించినది వేతనంలోకి వచ్చి చేరుతుంది. 18,000లో భత్యాలు 12,000 ఉంటే, సగమైన 9,000కు మించిన 3,000ను మూల వేతనానికి కలపాలి. అప్పుడు వేతనం 9,000 అవుతుంది, బోనస్ లెక్క దాని మీదే. ఇది తక్కువ జీతగాళ్లకు మేలు చేసే మార్పు. హద్దు అంచున ఉన్నవాళ్లకు మాత్రం ఎదురుదెబ్బ తగలవచ్చు. మొత్తం 44,000, మూల వేతనం 20,000 ఉన్న ఉద్యోగి పాత లెక్కలో అర్హుడు. కొత్త నిర్వచనంతో అతని వేతనం 22,000 అవుతుంది, 21,000 హద్దుకు బయట పడతాడు.

కోడ్‌లో 8.33, 20 శాతాలు, 30 రోజుల షరతు, కనీస వేతనంతో పోల్చి ఎక్కువైనది తీసుకోవాలన్న నియమం అలాగే ఉన్నాయి. 21,000, 7,000 అంకెలు మాత్రం కోడ్‌లో లేవు. వాటిని సంబంధిత ప్రభుత్వం నోటిఫికేషన్‌తో నిర్ణయించాలి. అంటే ఇకమీదట ఆ అంకెలు పెంచడానికి పార్లమెంటులో సవరణ అక్కర్లేదు. 2015లో రాసిన అంకెలతో ఇన్నేళ్లు నెట్టుకొచ్చాక, ధరలకు తగ్గట్టు వాటిని పెంచమని ప్రభుత్వాలను అడగడానికి ఇది సమయం. ఒక నష్టం కూడా జరిగింది. పాత చట్టం ఫ్యాక్టరీలన్నింటికీ వర్తించేది, కరెంటుతో నడిచే పదిమంది పనివాళ్ల ఫ్యాక్టరీకి కూడా. 20 మంది షరతు మిగతా సంస్థలకే. కోడ్‌లో అందరికీ 20 మంది షరతే పెట్టారు. పది నుంచి పందొమ్మిది మంది ఉన్న చిన్న ఫ్యాక్టరీల కార్మికుల హక్కు ఇలా చడీచప్పుడు లేకుండా పోయింది. ఈ మార్పు మీద జరగాల్సినంత చర్చ జరగలేదు.

కాంట్రాక్టు కార్మికులకు కోడ్ ఒక ఆసరా ఇచ్చింది. కాంట్రాక్టర్ ఇవ్వాల్సింది ఇవ్వకపోతే, వాళ్లు పనిచేసే సంస్థ యాజమాన్యమే బాధ్యత వహించాలి. ‘మా దగ్గర కాదు, మీ ఏజెన్సీని అడుక్కోండి’ అని సెక్యూరిటీ గార్డును, హౌస్‌కీపింగ్ ఆవిణ్ని గేటు దగ్గరే తిప్పి పంపడం ఇక చెల్లదు.

లెక్కల సంవత్సరం ముగిసిన ఎనిమిది నెలల్లోగా, అంటే నవంబరు 30లోగా బోనస్ ఇవ్వాలి. కోడ్ ప్రకారం దాన్ని బ్యాంకు ఖాతాలో వేయాలి. ఇది కార్మికుడికి పెద్ద రక్షణ. నగదు రోజుల్లో బోనస్ రిజిస్టర్‌లో పన్నెండు వేలకు సంతకం పెట్టించుకుని చేతిలో ఏడు వేలు పెట్టిన సంఘటనలు తక్కువేం కాదు. ఇప్పటికీ ఖాళీ రిజిస్టర్ మీద, అంకె లేని కాగితం మీద సంతకం అడిగితే పెట్టకూడదు. సంతకం పెట్టేముందు పనిచేసిన రోజులు, లెక్కలోకి తీసుకున్న జీతం, కోతలు అనే మూడు గడులూ చదవాలి. తేడా ఉంటే అక్కడే కనిపిస్తుంది.

తక్కువ వచ్చిందని తేలాక ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా అడగడం మంచిది. లెక్క ఎలా కట్టారో చెప్పమని ఒక మెయిల్, లేదా వాట్సాప్‌లో ఒక మెసేజ్ అయినా సాక్ష్యంగా పనికొస్తుంది. జవాబు రాకపోతే మండలంలోనో డివిజన్‌లోనో ఉన్న సహాయ కార్మిక అధికారిని కలవాలి. కార్మికులు ఏఎల్ఓ అని పిలిచేది ఆ అధికారినే. జీతం స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, ఐడీ కార్డు కాపీ చాలు. కోడ్ కింద కార్మికుడు స్వయంగా గానీ, అతని యూనియన్ గానీ క్లెయిమ్ వేయవచ్చు. అధికారి బాకీతో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం ఇప్పించవచ్చు. తక్కువ చెల్లించిన యజమానికి 50,000 రూపాయల వరకు జరిమానా ఉంది. పాత చట్టంలో జరిమానా కేవలం వెయ్యి రూపాయలు. ఆ భయం లేకపోవడం కూడా ఇన్నాళ్ల నిర్లక్ష్యానికి ఒక కారణం. ఐదేళ్లలో మళ్లీ అదే తప్పు చేస్తే మూడు నెలల వరకు జైలు కూడా పడవచ్చు.

చదువు రాని కార్మికులకు ఉపయోగపడే నియమం ఇంకొకటి కోడ్‌లో ఉంది. బోనస్ రాలేదనో, తక్కువ వచ్చిందనో క్లెయిమ్ వేసినప్పుడు, చెల్లించామని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత యజమానిదే. తనకు రాలేదని కార్మికుడు రుజువు చేయనక్కర్లేదు. క్లెయిమ్ వేయడానికి గడువు మూడేళ్లు. ఉద్యోగం పోతుందన్న భయంతో ఈ ఏడాది నోరెత్తలేకపోయినవాళ్లు, ఆ కంపెనీ వదిలిపెట్టాక కూడా ఈ గడువులోపు అడగవచ్చు. అందుకే జీతం స్లిప్పులను ఫోన్‌లో ఫొటో తీసి అయినా మూడేళ్ల పాటు జాగ్రత్త చేసుకోండి. 2025-26 సంవత్సరపు బోనస్ 2026 నవంబరు 30లోగా ఖాతాలో పడాలి.